‘కష్టం’ అన్న మాట: నా మొదటి పేషెంట్ మరణం మీద ఒక కేస్ స్టడీ

ఇంటర్న్‌షిప్‌లో ఎథిక్స్ మాడ్యూల్ కోసం ఒక్కొక్కరం ఒక కేసు రాసివ్వాలి. జనరల్ మెడిసిన్ పోస్టింగ్‌లో నా కళ్ల ముందు జరిగిన మొదటి మరణాన్నే నేను ఎంచుకున్నాను. పేషెంట్ ఎవరో తెలియకుండా వయసు, ఊరు, కుటుంబ వివరాలు, రోజుల లెక్క మార్చాను. మాటలు మాత్రం మార్చలేదు. ఈ కేసులో జరిగిన తప్పు మాటల్లోనే ఉంది.

నేపథ్యం

బెంగళూరులో ఏ పెద్దాసుపత్రి మెడిసిన్ వార్డుకు వెళ్లినా సరిహద్దు అవతలి నుంచి వచ్చిన తెలుగువాళ్లు కనిపిస్తారు. అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లకు విజయవాడ కంటే బెంగళూరే దగ్గర. మా యూనిట్‌లో చీఫ్‌దీ సీనియర్ పీజీ డాక్టర్‌దీ కన్నడ. ఇంట్లో తెలుగు మాట్లాడేది నేనొక్కదాన్నే. అందుకని మొదటి వారంలోనే నాకు ‘తెలుగు డాక్టర్’ అని పేరొచ్చింది. పేషెంట్ల బంధువులతో మాట్లాడాల్సి వస్తే నన్నే పిలిచేవాళ్లు. దుబాసీ పని ఎలా చేయాలో నాకెవరూ నేర్పలేదు. భాష వస్తే చాలనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను.

పేషెంట్‌కు యాభై దాటాయి. రాయలసీమ రైతు. చాలా ఏళ్ల తాగుడుతో కాలేయం గట్టిపడి సిర్రోసిస్ అయిందని రెండేళ్ల కిందటే తేలింది. నాలుగు నెలలుగా మానేశానని చెప్పాడు. భార్య తలూపింది, అన్న తల తిప్పుకున్నాడు. ఇది కేస్ షీట్‌లో రాయలేదు, గుర్తుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

వచ్చినప్పటి సమస్య

కడుపు ఉబ్బింది, జ్వరం ఉంది, రెండు రోజులుగా మత్తుగా ఉంటూ పొంతన లేకుండా మాట్లాడుతున్నాడని తీసుకొచ్చారు. చేతులు చాపి పట్టుకోమంటే అరచేతులు రెక్కల్లా కొట్టుకున్నాయి. కాలేయం వడకట్టాల్సిన విషాలు మెదడుకు ఎక్కుతున్నాయనడానికి అది గుర్తు. కడుపులోంచి సూదితో నీరు తీసి ల్యాబ్‌కు పంపాం. ఆ నీటిలో న్యూట్రోఫిల్ కణాలు ఘన మిల్లీమీటరుకు 250 దాటితే ఇన్ఫెక్షన్ కింద లెక్క. ఆయనకు ఆరు వందల పైన వచ్చాయి. స్పాంటేనియస్ బ్యాక్టీరియల్ పెరిటోనైటిస్ అన్నమాట. పేగుకు రంధ్రం పడకుండానే కడుపు నీటికి చీము పట్టే జబ్బు ఇది.

సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా లాక్ట్యులోజ్ ఇచ్చాం. కిడ్నీలు పడిపోకుండా ఆల్బుమిన్ ఎక్కించాలి: మొదటి రోజు కిలో బరువుకు ఒకటిన్నర గ్రాము, మూడో రోజు ఒక గ్రాము. అరవై కిలోల మనిషికి మొదటి రోజే తొంభై గ్రాములు. ఒక సీసాలో ఇరవై గ్రాములుంటాయి కాబట్టి అయిదు సీసాలు కావాలి. వార్డులో రెండే ఉన్నాయి, మిగతా మూడింటికి చీటీ రాసిచ్చింది నేనే. అన్న బయటికెళ్లి గంటన్నరకు తెచ్చాడు. డబ్బు ఎలా తెచ్చాడో నేను అడగలేదు. మర్నాటికి భార్య చెవుల్లో కమ్మలు లేవు.

మూడో రోజు

మందు పనిచేసింది. మూడో రోజు పొద్దున రౌండ్స్‌కు ముందు రక్తం తీయడానికి వెళ్తే మంచం మీద కూర్చుని ఉన్నాడు. తేదీ, ఊరు, చీఫ్ ఏ రంగు చొక్కా వేసుకొచ్చాడో కూడా చెప్పాడు. చేతుల కొట్టుకోవడం ఆగింది. సూది గుచ్చుతుంటే నా మొహంకేసి చూస్తూ అడిగాడు: “పాపా, నిజం చెప్పు. నేను ఇంటికి పోతానా?”

“ముందు తగ్గనీయండి, తర్వాత చూద్దాం” అన్నాను.

ఈ కేసులో నేను తీసుకున్న మొదటి నిర్ణయం ఇదే. అప్పుడు నిర్ణయం తీసుకుంటున్నానని కూడా నాకు తెలియలేదు. అలా ఎందుకన్నానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అంతకుముందు రోజు అన్న నన్ను పక్కకు పిలిచి, “ఆయప్పకు ఏం చెప్పొద్దు పాపా, దిగులు పడతాడు” అన్నాడు. దాన్ని నేను ఆజ్ఞలా తీసుకున్నాను. పేషెంట్ తెలివిలో ఉండి తన గురించి తాను అడుగుతుంటే, జవాబు చెప్పాలా వద్దా అన్నది అన్నగారి చేతిలో ఉండే విషయం కాదు. ఇది ఎథిక్స్ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. కానీ వార్డులో అన్న నా ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఎథిక్స్ పుస్తకం ఎదురుగా లేదు.

ఆ ఉదయం ఇంకో విషయం కూడా నాకు తట్టలేదు. ఈ జబ్బులో తెలివి వస్తుంది, పోతుంది. వచ్చినప్పుడే అడగాల్సినవి అడగాలి. మీ జబ్బు గురించి మీకెంత తెలుసు, ఎంత తెలుసుకోవాలని ఉంది, మళ్లీ మత్తులోకి వెళ్తే మీ తరఫున ఎవరు మాట్లాడాలి, గొంతులో గొట్టం వేయించుకుంటారా? ఆ కిటికీ ఒకటిన్నర రోజు తెరుచుకుని ఉంది. ఆ ఒకటిన్నర రోజూ నేను రక్తాలు తీస్తూ, రిపోర్టులు అతికిస్తూ ఆ మంచం పక్కనుంచే తిరిగాను. పనుల జాబితాలో ‘పేషెంట్‌తో మాట్లాడటం’ అన్నది ఉండదు కదా.

ఆరో రోజు రాత్రి

నాలుగో రోజు నుంచి మూత్రం తగ్గింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒకటిన్నర నుంచి దాదాపు నాలుగుకు పోయింది. ఒంట్లో నీరు తీసే మాత్రలు ఆపి, ఆల్బుమిన్ కొనసాగించి, కిడ్నీల కోసం టెర్లిప్రెసిన్ అనే మందు ఇచ్చినా కిడ్నీలు ఉలకలేదు, పలకలేదు. కాలేయం చెడి కిడ్నీలను కూడా లాక్కుపోయే ఈ స్థితిలో అసలు చికిత్స కాలేయ మార్పిడి. డయాలిసిస్ దాకా వెళ్లినా అది మార్పిడి జరిగేవరకు నెట్టుకురావడానికే. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉండగా, మానేసి నాలుగు నెలలే అయిన మనిషికి మార్పిడి అన్న ప్రశ్నే లేదని గ్యాస్ట్రో వాళ్లు రాసిపోయారు. అవతలి గట్టు లేని చోట వంతెన వేసి ఏం లాభమని నెఫ్రాలజీ పీజీ అన్నాడు.

ఆరో రోజు సాయంత్రానికి, మళ్లీ వచ్చిన మత్తు ముదిరింది. గిల్లితే మూలుగుతున్నాడు, కళ్లు తెరవడం లేదు. ఊపిరి గొంతులో గురగురమంటోంది. గొట్టం వేయాలా వద్దా అన్నది గంటలో తేలాలి. సీనియర్ పీజీ అన్ననూ నన్నూ నర్సింగ్ టేబుల్ దగ్గరికి పిలిచాడు. భార్య మంచం దగ్గరే ఉంది, ఆమెను పిలవాలని మాకెవరికీ తోచలేదు.

పీజీ ఇంగ్లీషులో చెప్పిన దాని సారం ఇది: కాలేయంతో పాటు కిడ్నీలు కూడా పోయాయి. ఈయన చనిపోబోతున్నాడు, బహుశా రోజుల్లోనే. వెంటిలేటర్ పెట్టినా అది మారదు, పెట్టమని నేను చెప్పను. మాట తిప్పకుండా స్పష్టంగా చెప్పాడు.

నేను తెలుగులో చెప్పింది ఇది: “లివర్‌తో పాటు కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయండీ. చాలా కష్టంగా ఉంది. వెంటిలేటర్ పెట్టినా గ్యారంటీ ఏం లేదు. మీరెట్లా అంటే అట్లా చేస్తాం.”

ఈ నాలుగు వాక్యాలను ఒక్కొక్కటిగా చూడాలి, ఎందుకంటే ఆ రాత్రి జరిగిందంతా వీటిలోనే ఉంది.

‘పోయాయి’ అన్నదాన్ని ‘దెబ్బతిన్నాయి’ చేశాను. దెబ్బ తగిలింది మానుతుంది. ‘చనిపోబోతున్నాడు’ అన్నదాన్ని ‘చాలా కష్టంగా ఉంది’ చేశాను. డాక్టర్లు ‘కష్టం’ అంటే చావు అని ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు తెలుసు. కన్నడలోనూ అదే మాట, అదే అర్థం. ఊళ్లో మాత్రం కష్టమంటే పడాల్సింది. కష్టపడితే పంట పండుతుంది, కష్టపడితే పిల్ల చదువు పూర్తవుతుంది. ‘పెట్టినా అది మారదు’ అన్నది నా నోట్లో ‘గ్యారంటీ లేదు’ అయింది. గ్యారంటీ లేని వస్తువును మనం రోజూ కొంటాం. ఇక ‘పెట్టమని నేను చెప్పను’ అన్న సలహా నా తెలుగులో అసలు లేనే లేదు. దాని స్థానంలో ‘మీరెట్లా అంటే అట్లా’ వచ్చింది. మర్యాదగా వినిపించే ఈ మాటతో, తమ్ముణ్ణి బతికించాలా వద్దా అనే బరువంతా తీసి ఆ అన్న నెత్తిన పెట్టాను.

అబద్ధం చెప్పానని నాకప్పుడు అనిపించలేదు. నెమ్మదిగా, దయగా చెప్పాననే అనుకున్నాను.

అన్న ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. “కష్టమైనా పడతాం పాపా. చేను ఉండాది. ఎంతైనా కానీ, చేయమని చెప్పు పెద్ద సారుకు.”

“వాళ్లు అంతా చేయమంటున్నారు” అని పీజీకి చెప్పాను. ఆయన నన్నొకసారి చూసి, “వాళ్లకు అర్థమైందా?” అనడిగాడు. అయిందన్నాను. కేస్ షీట్‌లో నోట్ రాసి అన్న సంతకం తీసుకున్నాను. తొమ్మిదిన్నరకు గొట్టం వేసి ఐసీయూకు తీసుకెళ్లాం.

విఫలమైన ప్రయత్నం

మర్నాడు పొద్దున ఐసీయూ తలుపు దగ్గర అన్న నన్ను ఆపి, “ఈ రోజుకు ఎంత పర్సెంట్ తగ్గింది పాపా?” అనడిగాడు. ఏదో తప్పిపోయిందని నాకు అప్పుడే తెలిసింది. దిద్దుకుందామని రిపోర్టులు చూపించాను. క్రియాటినిన్ మామూలుగా ఒకటి ఉండాలి, ఈయనకు నాలుగున్నర. బిలిరుబిన్ ఒకటి ఉండాలి, ఈయనకు ఇరవై రెండు. బీపీ నిలవడానికి నార్‌అడ్రినలిన్ పెట్టాం. అంకెలు చూస్తే వాళ్లకే అర్థమవుతుందనుకున్నాను.

అన్న శ్రద్ధగా విన్నాడు, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నాడు కూడా. మధ్యాహ్నం క్రియాటినిన్ నాలుగు పాయింట్ రెండుకు వచ్చింది. అది ద్రవాలు ఎక్కించడం వల్లో, ల్యాబ్ తేడానో. ఆయన మొహం వెలిగిపోయింది. “దిగుతాండాది కదా!” అన్నాడు. మరణాన్ని చెప్పలేక నేను ఆయన చేతిలో మార్కుల కాగితం పెట్టాను. ఆయన అందులో పాస్ మార్కులు వెతుక్కుంటున్నాడు.

చెడు వార్త ఎలా చెప్పాలో మాకు మెట్లు మెట్లుగా నేర్పారు, వైవాలో వరసగా చెప్పి వచ్చాను కూడా. ముందు ఒక హెచ్చరిక మాట వేసి తర్వాత అసలు విషయం చెప్పాలంటారు. నేను హెచ్చరిక మాట దగ్గరే ఆగిపోయాను, రెండుసార్లూ.

పనిచేసింది

ఎనిమిదో రోజు రౌండ్స్‌లో చీఫ్ నన్ను అడిగారు: “ఇంటివాళ్లకు ఏం తెలుసు?” “చెప్పాం సార్” అన్నాను. “నువ్వు ఏం చెప్పావని కాదు. వాళ్లకు ఏం తెలుసు?”

ఆ మధ్యాహ్నం అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టారు. ఈసారి భార్యనూ పిలిచారు. ఐసీయూ సిస్టర్ కూడా వచ్చింది. ఆమెది కోలార్ వైపు. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. నాకు చీఫ్ రెండు షరతులు పెట్టారు. తను ఒక్క వాక్యం చెప్పగానే నేను ఒక్క వాక్యమే చెప్పాలి, ఏమీ కలపకూడదు, ఏమీ తీయకూడదు. చెప్పబోయే ముందు వాళ్ల చేత చెప్పించాలి.

“ఇప్పటిదాకా మీకు ఏం అర్థమైంది?” అని అడిగాను. అన్న తడుముకోకుండా చెప్పాడు: “కిడ్నీ తేరుకోనీకి వారం పడుతుంది. అంతవరకు ఊపిరికి మిషన్ పెట్టినారు.” ఈ వాక్యం మాలో ఎవరూ ఎప్పుడూ అనలేదు. నేను వదిలేసిన ఖాళీలను ఆయన తన ఆశతో పూడ్చుకుని తయారుచేసుకున్నాడు.

చీఫ్ ఒక వాక్యం అన్నారు: ఈయన చనిపోతున్నాడు. నేను నోరు తెరిచాను. “చాలా...” అన్నది బయటికొచ్చింది. తర్వాతి మాట మళ్లీ అదే కాబోతోంది. సిస్టర్ నా మోచేతి మీద చేయి వేసి, వాళ్ల వైపు తిరిగి చెప్పింది: “అన్నా, ఆయన ఇంక బతకడు. మిషన్ ఊపిరి పోస్తా ఉంది, అంతే. మిషన్ జబ్బును బాగు చేయదు.”

“బతకడంటే...”

“బతకడన్నా.”

ఎవరూ మాట్లాడలేదు. అన్న నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు భార్య మాట్లాడింది. ఎనిమిది రోజుల్లో ఆమె గొంతు నేను సరిగా విన్నది అదే మొదటిసారి. “నాకు తెల్సు. మొన్న తెలివిలో ఉన్నప్పుడే నాతో అన్న్యాడు. ఇంగ నా పని అయిపాయ, ఇంటికి తీసకపో అన్న్యాడు. ఈడ అందరూ తగ్గుతాదంటాంటే నేనేం చెప్పేది?”

ఆయనకు తెలుసు. నన్ను అడిగిన రోజే ఆమెతోనూ చెప్పాడన్నమాట. జవాబు తెలియక కాదు నన్ను అడిగింది; నేను నిజం చెప్తానో లేదో చూశాడేమో అని నాకు అనిపిస్తూ ఉంటుంది. తేల్చుకునే దారి లేదు.

ఇంటికా, ఇక్కడా

ఆమె అడిగింది ఇంటికి తీసుకుపోతామని. ఇలాంటివి మా దగ్గర తరచూ జరుగుతాయి. ‘వైద్య సలహాకు విరుద్ధంగా’ అని రాయించుకుని, అంబులెన్స్‌లో ఒకరు చేత్తో ఊపిరి అందించే ఆంబు బ్యాగ్ నొక్కుతూ ఊరిదాకా వెళ్లి, గడపలో గొట్టం తీసేస్తారు. చీఫ్‌కు ఆ కాగితం నచ్చదు. ఇది మన సలహాకు విరుద్ధం కానప్పుడు అలా ఎందుకు రాయాలంటారు. పైగా నార్‌అడ్రినలిన్ మీద ఉన్న మనిషి నాలుగు గంటల ప్రయాణంలో దారిలోనే పోయే అవకాశం ఎక్కువ. ఇంటికని బయల్దేరి హైవే మీద చనిపోతే, ఆ జ్ఞాపకం వీళ్లకు జీవితాంతం మిగులుతుంది. ఆ మాటను కూడా అలాగే చెప్పమన్నారు, చెప్పాను.

రెండో దారి, ఇక్కడే వెంటిలేటర్ తొలగించడం. సుప్రీంకోర్టు 2018 మార్చిలో గౌరవంగా చనిపోయే హక్కును గుర్తించి, 2023 జనవరిలో ఆ పద్ధతిని కొంత సులువు చేసింది. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో దాని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది. అయినా ముగ్గురు డాక్టర్ల ప్రాథమిక బోర్డు కూర్చోవాలి, తర్వాత ఇంకో ముగ్గురి బోర్డు దాన్ని సమ్మతించాలి, కుటుంబం ఒప్పుకోవాలి, మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. ఆ రాత్రి గొట్టం వేయడానికి మాకు పది నిమిషాలు పట్టింది. తీయడానికి ఆరుగురు డాక్టర్లు కావాలి. నా నాలుగు వాక్యాల ఖరీదు నాకు అక్కడ లెక్క తెలిసింది.

భార్య కాసేపు ఆలోచించి, “దోవలో పోతే వద్దు. ఈడనే ఉంటాం. బిడ్డను పిలిపిస్తా” అంది. డయాలిసిస్ చేయకూడదని, గుండె ఆగితే ఛాతీ నొక్కకూడదని కుటుంబంతో మాట్లాడి నోట్ రాశారు. ప్రాథమిక బోర్డుకు కాగితాలు మొదలుపెట్టారు. సాయంత్రానికి కూతురు వచ్చింది. ఐసీయూ నియమం ఒక్కరికే అయినా సిస్టర్ ఇద్దర్నీ లోపలికి రానిచ్చింది. భార్య తులసి నీళ్లు పోయొచ్చా అని అడిగింది. గొట్టం ఉన్న నోట్లో పోయలేం. సిస్టర్ గాజ్ గుడ్డ ముక్కను ఆ నీళ్లలో తడిపి ఆమె చేతికిచ్చింది. ఆమె గొట్టం కట్టిన టేపు పక్కనుంచి పెదవులు తుడిచింది, మూలలు కూడా వదలకుండా, చంటిబిడ్డకు తుడిచినట్టు.

బోర్డు కూర్చోకముందే, తెల్లవారుజామున నాలుగు దాటాక గుండె ఆగింది.

పీజీ పక్కన నిలబడి నా చేత చూపించాడు. మెడలో నాడి, కంటిపాపలు, స్టెతస్కోప్‌తో గుండె చప్పుడు, చివరికి ఈసీజీ కాగితం మీద గీత. వెంటిలేటర్ ఆపేదాకా ఛాతీ లేస్తూనే ఉండటం నన్ను భయపెట్టింది. ఆపాక ఆ గదిలో వచ్చిన నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకెవరూ చెప్పలేదు. “నువ్వే చెప్పు” అన్నాడు పీజీ.

‘ఎక్స్‌పైర్ అయ్యారు’, ‘పల్స్ దొరకట్లేదు’, ‘మా ప్రయత్నం మేం చేశాం’ అన్నీ నోటిదాకా వచ్చాయి. బయట కుర్చీలో భార్య, కూతురు కూర్చుని ఉన్నారు. నేనూ పక్కన కూర్చుని, “అమ్మా, ఆయన చనిపోయారు” అన్నాను. మూడు మాటలు. ఆమె నా చేయి పట్టుకుని, “నొప్పి పడలేదు కదా?” అనడిగింది. చివరి రోజు నిద్ర మందు మీద ఉన్నారు, నొప్పి తెలిసి ఉండదన్నాను. అది నిజమే.

తెల్లారాక మరణ కారణాన్ని ధ్రువీకరించే ఫారం-4 నా ముందు పెట్టారు. నాది ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్ కాబట్టి సంతకం పీజీదే, చిత్తుప్రతి రాసింది నేను. కారణం దగ్గర ‘గుండె, శ్వాస ఆగిపోవడం’ అని రాశాను. పీజీ కొట్టేశాడు. “చనిపోయిన ప్రతివాడికీ గుండె ఆగుతుంది. ఎందుకు ఆగిందో రాయి” అన్నాడు. పై గీతలో కిడ్నీలు పోవడం, దాని కింద కడుపు ఇన్ఫెక్షన్, దాని కింద సిర్రోసిస్ అని రాశాం. ఫారం మీద కూడా నేను చావును దాటేసే మాటే వెతికాను.

ఇప్పుడు మార్చుకున్నది

దుబాసీగా నిలబడితే ఇప్పుడు ముందే పీజీకి చెప్తున్నాను: మీరు ఒక వాక్యం, నేను ఒక వాక్యం. ‘కష్టం’ అనను. ‘బతకకపోవచ్చు’, ‘బతకరు’, ఈ రెండింట్లో ఏది చెప్పాలో ముందే అడిగి తెలుసుకుంటాను, ఎందుకంటే ఆ రెండింటి మధ్య ఎంతో దూరం ఉంది. చెప్పాక వాళ్ల చేత తిరిగి చెప్పిస్తాను. ఇది అన్నిసార్లూ పనిచేయదు. గత నెలలో ఒక కొడుకు ‘బతకరు’ అన్నందుకు నా మీద కేకలేశాడు, దేవుడివా నువ్వు అని. ఆయనకు నేను తొందరపడి చెప్పానేమో కూడా. మూడో రోజు లాంటి ఉదయం వస్తే ఏం చేయాలో మాత్రం నాకింకా పూర్తిగా తెలియదు. ఎంత తెలుసుకోవాలని ఉందో పేషెంట్‌నే ముందు అడగాలి అన్నంతవరకు తెలుసు.

ఈ వ్యాసం కోసం రికార్డ్ రూమ్‌కు వెళ్లి కేస్ షీట్ మళ్లీ తీయించాను. ఆరో రోజు రాత్రి తొమ్మిది పదికి నా చేతిరాతతో ఒక వాక్యం ఉంది. ప్రతి కేస్ షీట్‌లోనూ ఉండే వాక్యమే: పేషెంట్ పరిస్థితి, ప్రాణాపాయం గురించి బంధువులకు వారికి అర్థమయ్యే భాషలో వివరించడమైనది. దాని కింద అన్న సంతకం, తెలుగులో, అక్షరం అక్షరం విడివిడిగా.